గ్రహణం మొర్రి స్టడీలో ఆడ్స్ రేషియో 1.65: తల్లులు మరిచిపోతే అసలు విలువ ఇంకా ఎక్కువేనా?

స్రవంతి (పీజీ రెండో ఏడాది)
సెమినార్‌కి ఇచ్చిన ఊహా లెక్క ఇది. గ్రహణం మొర్రితో పుట్టిన పిల్లల తల్లులు 200 మంది, మామూలుగా పుట్టిన పిల్లల తల్లులు 200 మంది. గర్భం మొదటి మూడు నెలల్లో ఫలానా మాత్ర వేసుకున్నారా అంటే మొదటివాళ్లలో 45 మంది, రెండోవాళ్లలో 30 మంది అవునన్నారు. ఆడ్స్ రేషియో 1.65, అది 1 అయితే మాత్రకూ మొర్రికీ సంబంధం లేనట్టు. జ్ఞాపకం తప్పితే విలువ 1 వైపే జరుగుతుంది కాబట్టి అసలుది ఇంకా ఎక్కువే అని మా సీనియర్ అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

సుధీర్
ఒప్పుకోవచ్చు. వేసుకున్నవాళ్లలో 60 శాతం మందికే గుర్తుందనుకోండి. అప్పుడు నిజంగా వేసుకున్నది అటు 75 మంది, ఇటు 50 మంది. ఆడ్స్ రేషియో 1.8 వస్తుంది. మరుపు వల్ల అది 1.65కి తగ్గింది. నాన్-డిఫరెన్షియల్ మిస్‌క్లాసిఫికేషన్ అంటే ఇదే, ఎప్పుడూ 1 వైపే లాగుతుంది.

విశాలాక్షి
సుధీర్ గారూ, మీ లెక్క సరిగ్గానే ఉంది. కానీ రెండు గుంపులూ ఒకే పాళ్లలో మరిచిపోయాయని మీరే అనుకున్నారు. ఆ మాట పట్టికలో ఎక్కడా లేదు.

ఇంకోలా చూడండి. నిజానికి రెండు వైపులా 50 మంది చొప్పున వేసుకున్నారు, అంటే మాత్రకూ మొర్రికీ సంబంధమే లేదు. మొర్రి పిల్లల తల్లుల్లో 90 శాతానికి గుర్తుంది, అంటే 45 మంది. మిగతా తల్లుల్లో 60 శాతానికే గుర్తుంది, అంటే 30 మంది. లెక్క వేయండి:

```
(45 × 170) / (155 × 30) = 1.65
```

అదే పట్టిక వచ్చింది. అసలు విలువ 1.8 కావచ్చు, 1 కూడా కావచ్చు. ఏది నిజమో ఈ పట్టిక ఒక్కటే చూసి చెప్పలేం.

నవ్య
మా బాబుకి మొర్రి ఉంది, ఆపరేషన్ అయింది. తల్లులు అబద్ధం చెబుతారని అంటున్నారా? పుట్టిన రోజు నుంచీ అందరూ గ్రహణం రోజు ఏం కోశావు, ఏం తిన్నావు అనే అడిగారు. ఆ టెన్షన్‌లో నేను పాత చీటీలన్నీ తీసి ఒక్కో మాత్రా వెతికాను. మా చెల్లెలికి పాప బాగానే పుట్టింది. తనని అడిగితే ఏం వేసుకుందో ఒక్కటీ చెప్పలేదు.

విశాలాక్షి
అబద్ధం అని ఎవరూ అనడం లేదండీ. మీరు చీటీలు వెతకడం, మీ చెల్లెలికి ఆ అవసరమే రాకపోవడం, ఈ తేడానే రీకాల్ బయాస్. మీ జ్ఞాపకమే నిజానికి దగ్గరగా ఉంది, తక్కువగా నమోదైంది మీ చెల్లెలి వైపు. పోలిక అక్కడే చెడుతుంది.

సుధీర్
సరే మేడమ్, అంటే రీకాల్ బయాస్ ఎప్పుడూ విలువని పెంచుతుంది, నాన్-డిఫరెన్షియల్ ఎప్పుడూ తగ్గిస్తుంది. అంతే కదా?

విశాలాక్షి
రెండింటికీ 'ఎప్పుడూ' తీసేయండి. పొగాకు గురించి అడిగారనుకోండి. బిడ్డకి ఇలా అయిందన్న అపరాధ భావంతో మొర్రి పిల్లల తల్లులే ఎక్కువగా దాచిపెడితే విలువ తగ్గుతుంది, 1 కిందికి కూడా పోవచ్చు. రెండోదాని విషయంలో, వేసుకున్నారా లేదా అని రెండే జవాబులుండి, ఈ పొరపాటుకీ మిగతా పొరపాట్లకీ సంబంధం లేకపోతే సగటున 1 వైపు లాగుతుంది. ఒక్క స్టడీలో యాదృచ్ఛికంగా ఎటైనా పోవచ్చు. 'అస్సలు లేదు, కొన్ని రోజులు, చాలా రోజులు' అని మూడు వర్గాలు పెడితే, మధ్య వర్గం విలువ 1కి దూరంగా కూడా జరగవచ్చు.

అనుభవంలో చూసిన ఉదాహరణ గర్భస్రావం, రొమ్ము క్యాన్సర్ చర్చ. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో 53 స్టడీల సమాచారాన్ని కలిపి విశ్లేషించారు. గర్భస్రావం చేయించుకున్న సంగతి జబ్బు రాకముందే నమోదైన స్టడీల్లో సాపేక్ష ప్రమాదం 0.93. జబ్బు వచ్చాక అడిగిన స్టడీల్లో 1.11. క్యాన్సర్ ఉన్నవాళ్లు చెప్పుకున్నంతగా లేనివాళ్లు చెప్పుకోలేదన్నది దీనికి బలమైన వివరణ.

రఘు
అయితే కంట్రోల్స్‌గా ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులు ఎందుకు? ఇంకేదైనా పుట్టుక లోపం ఉన్న పిల్లల తల్లుల్ని తీసుకుంటే, వాళ్లూ నవ్య గారిలాగే వెతికి ఉంటారు.

విశాలాక్షి
చాలామంది అదే చేస్తారు. కానీ ఆ మాత్రే ఆ లోపానికీ కారణమైతే, కంట్రోల్స్‌లో వాడకం ఎక్కువై నిజమైన ప్రభావమే కనబడకుండా పోతుంది. నాకైతే రెండు రకాల కంట్రోల్స్‌నీ పెట్టి, జవాబులు ఎంత వేరుగా వస్తాయో చూడాలనిపిస్తుంది.

రఘు
దానికి ఖర్చు రెట్టింపు. లోపాలున్నవాళ్లలో మాత్రతో సంబంధం లేదని తెలిసినవి ఏరుకుంటే చాలని నా అభిప్రాయం.

స్రవంతి
మేడమ్, రెండు గుంపుల్లోనూ కొంతమంది తల్లుల కార్డులు, మందుల చీటీలు తీసుకుని, చెప్పినదానితో పోల్చితే గుర్తున్న శాతం విడివిడిగా తెలుస్తుంది కదా? అప్పుడు 90, 60 ఉన్నాయా, 60, 60 ఉన్నాయా అన్నది ఊహించక్కర్లేదు. పోలికలో వేసుకోకుండానే వేసుకున్నామన్నవాళ్లూ తేలతారు.

విశాలాక్షి
అదే దారి. ఒక్కటి చూసుకోండి: చీటీలు దాచుకునేది నవ్య గారి లాంటివాళ్లే. చీటీ దొరికినవాళ్ల శాతం రెండు వైపులా ఎంతో ముందు రాయండి. దుకాణంలో నేరుగా కొన్న మాత్రకి చీటీయే ఉండదు, అక్కడ ఈ పోలిక పనిచేయదు.