ఆధార్, పాన్ పంపేశా, ఇప్పుడు సెల్ఫీ అడుగుతున్నారు. ఏం చేయాలి?

అన్నలూ, అక్కలూ, మాది కడప దగ్గర పల్లె. బీటెక్ అయ్యాక రెండేళ్లుగా ఇక్కడే ఒక చిన్న ఆఫీసులో నెలకు 16 వేలకు చేస్తున్నా. పోయిన వారం ఉద్యోగాల నెట్‌వర్కింగ్ సైట్‌లో ఒక హెచ్ఆర్ మేడం మెసేజ్ పెట్టింది. ఇంటి నుంచే పని, ఏడాదికి 14 లక్షలంట. ఇంటర్వ్యూ చాటింగ్‌లోనే, ఇరవై నిమిషాల్లో సెలెక్ట్ అనేశారు. ఆశపడి ఆధార్, పాన్ ఫోటోలు పంపేశా.

నిన్న ఆధార్ చేత్తో పట్టుకుని సెల్ఫీ దిగి పంపమన్నారు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ కూడా చెప్పమన్నారు. అప్పుడు గుండె జారింది. చూస్తే ఆ ప్రొఫైల్ పెట్టి నెల కూడా కాలేదు, మెయిల్ మామూలు జీమెయిల్. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకు చేస్తే ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరన్నారు.

సెల్ఫీ, ఓటీపీ ఇవ్వలేదు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేశా, చాట్ అంతా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టా. sancharsaathi.gov.in లో నా పేరు మీదున్న సిమ్‌లు చూస్తే నాదొక్కటే ఉంది.

డబ్బు పోలేదు కదా, cybercrime.gov.in లో ఫిర్యాదు తీసుకుంటారా? నా పాన్ మీద ఎవరైనా లోన్ తీసుకుంటే సిబిల్ రిపోర్టులో ఎన్నాళ్లకు కనబడుతుంది? ఇట్లా ఇరుక్కుని బయటపడినవాళ్లు చెప్పండి. నాన్నకు ఇంకా చెప్పలేదు.