గోదావరి డెల్టాలో జనం ఎక్కువ ఎందుకు? ‘నది ఉంది కాబట్టి’ అంటే సరిపోతుందా?

అడిగినవారు (ఒక తల్లి): మా బాబు పదో తరగతి. గోదావరి డెల్టాలో జనసాంద్రత ఎందుకు ఎక్కువ అంటే ‘రుతుపవనాలు వస్తాయి, నది ఉంది, ఒండ్రు నేల, వరి పండుతుంది’ అని రాశాడు. సగం మార్కులే వేశారు. ఇందులో తప్పేముంది?

గ్రూప్స్ అభ్యర్థి: తప్పేమీ లేదండి. నాలుగు పాయింట్లూ కరెక్టే. మధ్యలో బాణం గుర్తులు పెట్టి వరుసగా రాస్తే ఫుల్ మార్కులు.

సోషల్ టీచర్: బాణం గీసినంత మాత్రాన కారణం అయిపోదండి. ప్రతి బాణం దగ్గర ఆగి, ‘ముందుది ఉన్నా తర్వాతది జరగని సందర్భం ఉందా?’ అని అడగాలి. వరద, ఒండ్రు 1833లోనూ ఉన్నాయి. అయినా ఆ కాలంలో గోదావరి ప్రాంతంలో కరువొచ్చి జనం ఆకలితో చనిపోయారు. అంటే ఒండ్రుకీ వరికీ మధ్య ఒక మెట్టు తప్పిపోయింది.

నైరుతి వానలు ప్రధానంగా జూన్ నుంచి సెప్టెంబరు వరకే. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చిన నీళ్లన్నీ అప్పుడే కలిసి సముద్రంలోకి పోతాయి. పక్కనే నది పారుతున్నా, నీటిమట్టాన్ని పైకి లేపి మళ్లించే ఏర్పాటు లేకపోతే పొలంలోకి రాదు. కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలువల్లోకి నీళ్లు మళ్లాయి. వాన వెనకాడినా వరి నిలిచింది. వరి నాటుకీ కోతకీ చేతులు చాలా కావాలి, ఎకరానికి ఎక్కువ మందికి తిండీ దొరుకుతుంది. అక్కడి నుంచి జనసాంద్రతకి దారి సాఫీ.

మరో పేరెంట్: మా అమ్మాయి ‘వరద భయంతో ఇళ్లు మెరక మీద కట్టుకున్నారు’ అని రాసింది. దానికి మార్కే వేయలేదు!

సోషల్ టీచర్: తన మాట నిజమేనమ్మా. నది పక్కన ఒండ్రు మేట వేసి గట్టులా లేస్తుంది, ఊళ్లు దాని మీదే, పల్లంలో పొలాలు. కానీ అది ‘ఊరు ఎక్కడ కట్టుకున్నారు’ అన్నదానికి జవాబు. అడిగింది ‘ఎంతమంది, ఎందుకు’ అని.

గ్రూప్స్ అభ్యర్థి: సరే, ఆనకట్ట ఒప్పుకుంటాను. మరి అంతకుముందు డెల్టా ఖాళీగా ఉందా? ఊళ్లు చాలా పాతవి కదా.

సోషల్ టీచర్: ఖాళీగా లేదు. అందుకే ‘ఆనకట్ట వల్లే జనం వచ్చారు’ అని రాయొద్దంటాను. ‘పంట నిలకడై, ఎక్కువ మంది నిలవగలిగారు’ అని రాయించండి. రేవులు, తర్వాత వచ్చిన రైలు కూడా పని చేశాయి.

గ్రూప్స్ అభ్యర్థి: నాలుగు మార్కుల జవాబులో ఇదంతా ఎవరు చూస్తారు మేడమ్? నేనైతే ఇప్పటికీ పాయింట్లే రాయమంటాను.

అడిగినవారు: బాబుకి ఇది చదివి వినిపించాను. ‘మరి కృష్ణా డెల్టాకి కూడా ఇదే జవాబా?’ అంటున్నాడు.