సమస్య: "కనులు లేని గోడ కథను జెప్పె"

నిర్వాహకుడు: నిన్న రాత్రి ఈ పాదం తట్టింది, ఇక వదలలేదు. పూరించండి. గోడకు తెలిసినంతే పద్యంలోకి రావాలి. కవికి తెలిసినదంతా గోడ నోట కుక్కితే ఒప్పుకోను.

లఘువు: మొదటి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి. మొదటి పాదం వరకే వచ్చింది.

రాత్రి వేళ దొంగ రహస్యంగ వచ్చెను

గుడ్లగూబ: యతి బాగానే పడింది. కానీ "రహస్యంగ"లో "హ" గురువైపోయి గణం విరిగింది. "రవము లేక కదిలె" అనండి, సరిపోతుంది.

తేటనీరు: గణం సరిపోయింది, కథ పోయింది! కనులు లేని గోడ, రవం లేని దొంగ. మరి వాడొచ్చాడని గోడకెలా తెలిసింది గుడ్లగూబ గారూ?

గుడ్లగూబ: చీకట్లో తడుముకుంటూ గోడమీద చెయ్యి ఆనించాడు. గోడకు స్పర్శ లేదని ఎవరన్నారు?

తేటనీరు: ఆ చెయ్యి పద్యంలో ఎక్కడుంది? మీ వివరణలోనే ఉంది. సరే, నా పూరణ.

తలుపు మూసి తల్లి తలపట్టి యేడ్చెను
వినెను గోడ తాను వెక్కులన్ని
ఏండ్లు గడచి యింట నెవ్వరు లేకున్న
కనులు లేని గోడ కథను జెప్పె

పాతబడి: మూడో పాదంలో యతి తప్పిందండి. "ఏ"కి "నె" ఎలా కుదురుతుంది?

నిర్వాహకుడు: తప్పలేదు. "ఇంటన్" తర్వాత "ఎవ్వరు". "న" సంధి వల్ల వచ్చి చేరింది. యతికి లోపలి అచ్చునే చూడాలి. మీ అనుమానం మాత్రం మంచిదే.

గుడ్లగూబ: యతి సంగతి వదిలేయండి, "తలపట్టి" చూడండి. తలుపు మూసిన చప్పుడు గోడ వింటుంది, ఏడుపూ వింటుంది. తల పట్టుకుందని ఎలా తెలుసు? ఇప్పుడే నన్ను నిలదీసిన మనిషి చేసిన పనేనా ఇది!

తేటనీరు: ఒప్పుకుంటున్నా. "తనలోన యేడ్చెను" అంటే?

గుడ్లగూబ: అది ఇంకా ఘోరం. తనలో తాను ఏడిస్తే గోడకే కాదు, పక్కనున్న మనిషికీ వినపడదు. "తనివార నేడ్చెను" అనండి. తలుపు మూశాకే గొంతు విప్పిందని కూడా తెలుస్తుంది, మూసిన తలుపుకు ఓ పని దొరుకుతుంది.

నిర్వాహకుడు: ఈ సవరణ నాకు నచ్చింది. ఒక్క మాట మారితే తల్లి మనసు గోడ చెవికి అందింది. రెండో పాదంలో, సమస్యలో "గోడ" రెండుసార్లు రావడం మాత్రం కొంచెం గుచ్చుకుంటోంది.

తేటనీరు: ఇంటికి ఒక్క గోడే ఉంటుందా!

గుడ్లగూబ: మాట తప్పించడం ఆయనకు అలవాటే. అప్పటి ఏటి పద్యం గుర్తుందా? పొద్దున పడవవాడు వెళ్లడం, సాయంత్రం తిరిగి రావడం రెండూ ఒకే ఏరు చూసిందట. పొద్దుటి నీళ్లు సాయంత్రానికి ఎక్కడుంటాయి?

తేటనీరు: నీరు పోతుంది, ఏరు ఉంటుంది.

గుడ్లగూబ: అలాగైతే "నాలో దిగిన కాళ్లు నాతో వచ్చాయి" అని ఎందుకన్నారు? అది నీటి మాట. ఒడ్డును విడవని ఏరు చెబుతోందా, సాగిపోయే నీరు చెబుతోందా అన్నది తేల్చకుండా రెండు పాదాలు ఒకరికీ, రెండు ఇంకొకరికీ ఇచ్చారు.

నిర్వాహకుడు: ఏరు వేరే దారంలో పారించుకోండి. గోడ దగ్గరికి రండి.

గుడ్లగూబ: వచ్చాను. గోడకు నోరు కూడా లేదు కదా, అందుకని ఇలా.

పటము తీసినట్టి పాలిపోయిన మచ్చ
మేకు దిగిన గుంత, మిగులు గీత
బిడ్డ యెత్తు కొలిచి పెట్టినదా గీత
కనులు లేని గోడ కథను జెప్పె

లఘువు: అబ్బ! వినడం, చూడడం ఏదీ అక్కర్లేదు. ఒంటిమీద గుర్తులే చెబుతున్నాయి.

తేటనీరు: నిజంగా బాగుంది, ఇష్టం లేకపోయినా చెబుతున్నా. కానీ పటం తీస్తే కింద రంగు పాలిపోదు స్వామీ! వెలుతురూ దుమ్మూ తగిలి చుట్టూ పాలిపోతుంది, పటం కింద కొత్తగానే ఉంటుంది. "పటము వెనుక నున్న పాతబడని రంగు" అంటే గణాలూ చెడవు, గోడా అబద్ధమాడదు.

గుడ్లగూబ: తీసుకున్నాను.

చిరుగాలి: ఆలస్యంగా వచ్చాను. మా పాత గది గోడ గోకిస్తుంటే ఒకదాని కింద ఒకటి మూడు రంగులు బయటపడ్డాయి. అన్నిటికీ పైన నేను వేయించింది, అట్టడుగున అమ్మ వాళ్లు వేయించింది. గోడ తన ఒంటితోనే చెప్పేటట్టయితే కథ చివరినుంచి మొదటికి రావాలి కదా? మీ పద్యాలన్నీ ముందునుంచి నడుస్తున్నాయి.

పాతబడి: అంటే సమస్య మొదటి పాదంగా రావాలా? ఆటవెలదిలో అది బేసి పాదం, ఈ గణాలు పట్టవు.

నిర్వాహకుడు: పాదాల వరుస అడగలేదండీ ఆవిడ! రేపటిదాకా గడువు. పటం, మేకు, బిడ్డ గీత వెనకనుంచి ముందుకు వచ్చేలా ఎవరైనా రాయండి. తేటనీరు గారూ, ఏరు లేకుండా.