భావ్‌కాపీతో ఆప్షన్ బ్యాక్‌టెస్ట్: స్ప్రెడ్ ఎంత పట్టుకోవాలి?

నేను కావలి నుంచి స్టాక్ ఆప్షన్స్‌లో నెలవారీ ఐరన్ కాండర్ టెస్ట్ చేస్తున్నాను. డేటా ఎన్‌ఎస్‌ఈ రోజువారీ భావ్‌కాపీ. అందులో బిడ్, ఆస్క్ ఉండవు కాబట్టి క్లోజ్ ధరకే ఫిల్ అయినట్టు రాశాను. లాభాలు చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు.

నిన్న మధ్యాహ్నం 3:20కి స్క్రీన్ చూశాను. కొనాల్సిన దూరపు స్ట్రైక్‌కి బిడ్ 2.10, ఆస్క్ 3.00. రాత్రి భావ్‌కాపీలో క్లోజ్ 1.60! అది ఎప్పుడో పొద్దున జరిగిన ట్రేడ్ అయ్యుండాలి.

ప్రీమియంలో 5 శాతం కోత పెడితే ఈ లెగ్‌కి 8 పైసలే వస్తోంది; సగం స్ప్రెడ్డే 45 పైసలు. ప్రతి లెగ్‌కీ 50 పైసలు తీసేస్తే, బాగా ట్రేడయ్యే దగ్గరి స్ట్రైక్‌లకు అన్యాయం. వాల్యూమ్ లేని స్ట్రైక్‌లు వదిలేస్తే సగం నెలలు ట్రేడే లేదు.

రోజువారీ ప్రీమియం, వాల్యూమ్, ఓపెన్ ఇంట్రెస్ట్ మాత్రమే చేతిలో ఉంటే, ఒక్కో లెగ్‌కి సగం స్ప్రెడ్‌ని మీరు ఏ లెక్కన అంచనా వేస్తున్నారు?