సినిమా పిచ్చోణ్ణి ఒక్క సినిమా చెప్పమంటే 43 పేర్లు పంపాడు. అసలు ఎలా అడగాలి?

ఎంవీపీ కుర్రాడు (శనివారం రాత్రి 9:50)
సాయంత్రం ఆరింటి నుంచి ఇదే పని మీద ఉన్నాను. నా ఫ్రెండ్ ఒకడున్నాడు, రోజుకో సినిమా చూడందే నిద్రపోడు. "ఏదైనా మంచి సినిమా చెప్పరా" అని మెసేజ్ పెడితే 43 పేర్ల లిస్టు పంపాడు. సగం కొరియా, ఇరాన్ సినిమాలు. ఏడు మొదలుపెట్టాం, ఒక్కటీ పావుగంట దాటలేదు. "ఇవి కాదురా, ఇంకా మంచివి" అంటే ఇంకో పదకొండు పంపి, "నీకు టేస్టు లేదు" అన్నాడు. రేపు మధ్యాహ్నానికి ఒక్కటి తేలాలి. ఇలాంటివాళ్ళని ఎలా అడగాలో ఎవరైనా చెప్పండి.

సబ్బవరం శీను
ట్రైలర్ చూసుకో. అడగడం ఎందుకు?

రేటింగ్ రాజా
తప్పు నీదే బ్రో. జోనర్ చెప్పాలి, భాష చెప్పాలి, ఎన్ని గంటలుండాలో చెప్పాలి. "తెలుగు, కామెడీ, రెండు గంటలు, రేటింగ్ 7.5 పైన" అని పెట్టు. లిస్టు పదికి దిగుతుంది.

అసలు గొంతు
కొరియా సినిమా పావుగంటలో ఆపేశారంటే మీరు డబ్బింగ్‌లో పెట్టుకుని ఉంటారు. నటుడి గొంతులోనే సగం నటన ఉంటుంది. వాడు గొణిగిన చోట మనవాళ్ళు స్టూడియోలో కూర్చుని అరుస్తారు. ఒరిజినల్ ఆడియోలో సబ్‌టైటిల్స్ పెట్టుకుని మళ్ళీ చూడండి. అలవాటు కావడానికి నాలుగైదు సినిమాలు పడుతుంది, అంతే.

ఎంవీపీ కుర్రాడు
సబ్‌టైటిల్స్ కుదరవండి. అమ్మ కూడా చూస్తుంది కదా. అక్షరాలు చదివేలోపే వెళ్ళిపోతున్నాయంటోంది.

సబ్బవరం శీను
అమ్మ ఎక్కడి నుంచి వచ్చారు ఇప్పుడు? పైన ఆ మాటే లేదు.

ఎంవీపీ కుర్రాడు
ఆదివారం మధ్యాహ్నం అన్నాక అమ్మతోనే కదా చూస్తాను. మావాడికీ తెలుసు.

పాత క్యాసెట్లాయన
వాడికి తెలియదు బాబూ. నువ్వు చెప్పలేదు కాబట్టి నీకోసమని లిస్టు పంపాడు. అది కూడా కాదు, తనకిష్టమైనవి పంపాడు.

గాజువాకలో పదిహేనేళ్ళు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాను. వచ్చినవాళ్ళంతా "మంచిది ఇవ్వండి" అనేవాళ్ళే. ఏం ఇష్టమని అడిగితే అందరూ కామెడీ, ఫ్యామిలీ అనేవారు. ఆ మాట నమ్మి ఇస్తే మర్నాడు మొహం మాడ్చుకుని తిరిగిచ్చేవారు. అందుకని ప్రశ్న మార్చాను. "పూర్తిగా చూడకుండా తిరిగిచ్చిన క్యాసెట్ ఏది? ఎక్కడ ఆపారు?" ఈ రెండూ అడిగితే చాలు. ఎక్కడ ఆపారో కచ్చితంగా గుర్తుంటుంది జనానికి.

నువ్వు కూడా చెప్పు. అమ్మగారు ఈమధ్య సగంలో వదిలేసిన తెలుగు సినిమా ఏది? మళ్ళీ మళ్ళీ చూసేవి ఏవి?

ఎంవీపీ కుర్రాడు
తిట్టకండి. 'కేరాఫ్ కంచరపాలెం' సగంలో ఆపేశాం. చాలా స్లో.

కంచరపాలెం మెట్టు
ఏటి బాబూ! మా ఊరోళ్ళే నటించిన సినిమా. మా వీధిలో షూటింగ్ జరుగుతుంటే పక్కనే నిల్చున్నాను. 2018లో థియేటర్లో నాలుగు సార్లు చూశాను. నువ్వు చివర చూడలేదు. చివర్లో ఆ నాలుగు కథలూ

అసలు గొంతు
ఆపండి!! చూడనివాళ్ళుంటారు ఇక్కడ.

కంచరపాలెం మెట్టు
ఆరేళ్ళ పైనే అయింది, ఇంకా స్పాయిలర్ ఏటి?

అసలు గొంతు
చూడనివాడికి అరవై ఏళ్ళ సినిమా అయినా కొత్తదే.

(దీని మీదే పదహారు కామెంట్లు నడిచాయి. మధ్యలో ఒకాయన జగదాంబలో టికెట్టు బ్లాకులో కొన్న రోజుల గురించి రాశారు.)

పాత క్యాసెట్లాయన
గొడవ తర్వాత పెట్టుకోండి. కుర్రాడూ, "స్లో" అన్న మాట ఎవరికీ పనికిరాదు. ఆ మాట వింటే మీవాడు ఫైటింగులున్నవి పంపుతాడు. ఆపేసే ముందు అమ్మగారు ఏమన్నారు? అన్న మాట అన్నట్టు చెప్పు.

ఎంవీపీ కుర్రాడు
"ఇందాకటి కుర్రాడు ఏడీ? వీళ్ళెవరు మళ్ళీ?" అంది. రెండు మూడు సార్లు అదే అడిగింది. తర్వాత లేచి పప్పు నానబెట్టడానికి వెళ్ళిపోయింది.

పాత క్యాసెట్లాయన
చూశావా, స్లో కాదది. నాలుగు కథలు ఒకదాని మధ్యలోకి ఒకటి వస్తుంటే ఎవరు ఎవరో పట్టుకోలేకపోయారు. ఆ సినిమా తీసిన పద్ధతే అది, తప్పేం లేదు. కానీ ఆమెకి ఒకే కథ, ఒకే వరసలో నడవాలి. మీవాడికి ఈ ఒక్క ముక్క తెలిస్తే లిస్టులో చాలా పేర్లు వాడే కొట్టేస్తాడు.

ఇక నచ్చినవి చెప్పు.

ఎంవీపీ కుర్రాడు
'మిస్సమ్మ' టీవీలో ఎప్పుడొచ్చినా వదలదు. ఇంకోటి వెంకటేష్ 'దృశ్యం'.

రేటింగ్ రాజా
1955 కామెడీ ఒకటి, 2014 క్రైమ్ ఒకటి. వీటికి లింకే లేదు.

పాత క్యాసెట్లాయన
జోనర్ పట్టుకుంటే కనిపించదు రాజాగారూ. మిస్సమ్మలో ఉద్యోగం కోసం ఇద్దరు మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుని ఆ అబద్ధాన్ని జమీందారు ఇంట్లో నిలబెట్టుకుంటారు. దృశ్యంలో ఒక కుటుంబం పోలీసుల ముందు అబద్ధాన్ని నిలబెట్టుకుంటుంది. రెండింట్లోనూ అసలు సంగతి మనకి తెలుసు, ఎదుటివాళ్ళకి తెలియదు. ఎక్కడ బయటపడుతుందోనన్న టెన్షనే ఆమెకిష్టం. నవ్వొస్తుందా భయమేస్తుందా అన్నది తర్వాత సంగతి.

రేటింగ్ రాజా
ఇది మీరు కనిపెట్టారు. మామూలోడికి ఎలా తెలుస్తుంది? అందుకే జోనర్ అంటున్నా.

పాత క్యాసెట్లాయన
మామూలోడు కనిపెట్టక్కర్లేదు. ఆ రెండు పేర్లూ, ఏ సీనుకి ఆమె పని మానేసి కూర్చుంటారో చెప్తే చాలు. లింకు వెతకడం ఆ పిచ్చోడి సరదా. మీరు చెప్పిన భాష, నిడివీ ఉండాలి, కాదనను. రేటింగు మాత్రం తీసేయండి. ఓట్లేసినవాళ్ళలో వాళ్ళమ్మగారు లేరు.

ఇలా పంపు:

"రేపు మధ్యాహ్నం అమ్మతో చూడాలి. తెలుగే, సబ్‌టైటిల్స్ వద్దు. రెండున్నర గంటలు దాటకూడదు. మిస్సమ్మ, దృశ్యం ఇష్టం, ఎవరి గుట్టు ఎప్పుడు బయటపడుతుందో అన్న సీన్లకి కదలదు. కేరాఫ్ కంచరపాలెం సగంలో ఆపాం, కథలు మారుతుంటే మనుషుల్ని పట్టుకోలేకపోయింది. ఒక్కటే చెప్పు, ఎందుకో ఒక్క ముక్కలో చెప్పు."

"ఒక్కటే" అన్నది మర్చిపోకు. పది చెప్పమంటే ఆలోచించకుండా చెప్తాడు, ఒక్కటే అంటే తూచి చెప్తాడు. చూశాక నచ్చకపోతే ఏ నిమిషంలో లేచారో కూడా వాడికి చెప్పు. రెండోసారి గురి తప్పదు... చాలావరకు.

భీమిలి లక్ష్మి
క్యాసెట్లాయన గారూ, మా ఆయన ఏది పెట్టినా పావుగంటలో నిద్రపోతారు. ఆయనకేం చెప్పమని అడగాలి?

సబ్బవరం శీను
మంచం చెప్పమనండి.

అసలు గొంతు
ఇంతా చేసి తెలుగే అన్నారు. ప్రపంచమంతా పోయింది.

ఎంవీపీ కుర్రాడు (రాత్రి 11:35)
మీరు రాసింది ఉన్నదున్నట్టు పంపాను. అయిదు నిమిషాల్లో ఒక్క పేరే పంపాడు. 'చిత్రం భళారే విచిత్రం', అద్దె ఇంటి కోసం నరేష్ ఆడవేషం వేసేది. "ముందే చెప్పి చావొచ్చు కదరా" అని కింద ఇంకో లైను. అమ్మ చూసేసిందో లేదో పొద్దున అడగాలి. థాంక్స్ అండీ.

కంచరపాలెం మెట్టు
మరి మా సినిమా మిగతా సగం ఎప్పుడు చూస్తావు?