సెటిల్‌మెంటు లెక్క ఆర్డర్ల వైపు నుంచి చూడాలా, బ్యాంకు వైపు నుంచా?

కాశీబుగ్గ కొట్టు
మా సొంత సైటులో పలాస జీడిపప్పు అమ్ముతాం. మంగళవారం తేదీతో డబ్బు కట్టినట్టున్న ఆర్డర్లు 18, మొత్తం 24,600 రూపాయలు. గేట్‌వే కమిషను 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసేస్తే 24,019.44 రావాలి. గురువారం బ్యాంకులో పడింది 22,360.53. మిగతా 1,658.91 ఏటైపోయినట్టు? ఒక్కో ఆర్డరూ పట్టుకుని వెతకాలా, బ్యాంకులో పడ్డ మొత్తం నుంచి వెనక్కి రావాలా?

రాజాం ట్యాలీ
ఆర్డర్ల వైపు నుంచే. సరుకు పంపింది మీరు, రావలసింది మీ డబ్బు. గేట్‌వే రిపోర్టు దింపుకుని, అమౌంటు కాలమ్ మీద VLOOKUP పెట్టండి. ఏ ఆర్డరుకు #N/A వస్తే ఆ డబ్బు రానట్టే. పది నిమిషాల పని.

విజయనగరం పద్దులు
ఆర్డర్ల వైపు చూడాలన్నది సరే గానీ, అమౌంటుతో జత కలపడం ప్రమాదం. ఒకే సైజు ప్యాకెట్లు అమ్మే కొట్లో ఒకే ధర రోజూ మూడు నాలుగు సార్లు వస్తుంది. VLOOKUP మొదట కనబడ్డ వరుసనే అందరికీ చూపిస్తుంది, రాని ఆర్డరు కూడా వచ్చినట్టే కనిపిస్తుంది.

ముందు బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ జమ పక్కనున్న యూటీఆర్ నంబరు తీసుకోండి. తేదీతో కాకుండా ఆ యూటీఆర్‌తోనే సెటిల్‌మెంటు రిపోర్టు దింపండి. అందులో పేమెంట్ల మొత్తం లోంచి ఫీజు, రీఫండ్లు తీసేస్తే 22,360.53 పైసలతో సహా రావాలి. రాకపోతే మీ చేతిలో ఉన్నది వేరే ఫైలు, ముందుకెళ్ళకండి. వస్తే బ్యాంకు మీద అనుమానం అక్కడితో పోతుంది, తేడా ఆర్డర్లకూ రిపోర్టుకూ మధ్యే ఉన్నట్టు.

కాశీబుగ్గ కొట్టు
చూశాను మాస్టారూ. పేమెంట్లు 24,130, ఫీజు జీఎస్టీతో కలిపి 569.47, రీఫండు ఒకటి 1,200. తీసేస్తే సరిగ్గా 22,360.53. పేమెంటు వరుసలు కూడా 18 ఉన్నాయి. ట్యాలీ గారు చెప్పినట్టు అమౌంటుతో కూడా చూశాను, ఒక్క #N/A రాలేదు. మరి 24,600 ఎందుకు 24,130 అయింది?

విజయనగరం పద్దులు
18కి 18 ఉందని మోసపోకండి, అక్కడ ఒకటి తగ్గి వేరొకటి చేరి ఉంటుంది. పేమెంటు ఐడీతో రెండు వైపుల నుంచీ చూడండి. ఆర్డర్ల షీటులో పేమెంటు ఐడీ D కాలమ్‌లో, సెటిల్‌మెంటు షీటులో B కాలమ్‌లో ఉందనుకుందాం. మొదటిది ఆర్డర్ల షీటులో, రెండోది సెటిల్‌మెంటు షీటులో:

```
=COUNTIF(Settlement!B:B, D2)
=COUNTIF(Orders!D:D, B2)
```

మొదటి దాంట్లో 0 వస్తే ఆర్డరుంది, డబ్బు ఈ విడతలో లేదు. రెండో దాంట్లో 0 వస్తే డబ్బుంది, ఆర్డరు లేదు. అన్నీ 0లే వస్తే ఐడీ చివర ఖాళీ అక్షరం అంటుకుని ఉంటుంది, `TRIM` పెట్టి మళ్ళీ చూడండి.

పొందూరు చేనేత
మాకూ ఇదే గోల. కొరియర్ వాళ్ళు సీవోడీ డబ్బు వారానికోసారి వేస్తారు, ఎప్పుడూ తక్కువే. ఈ ఫార్ములా మాకూ పనిచేస్తుందా?

విజయనగరం పద్దులు
మీది గేట్‌వే డబ్బు కాదండి. సీవోడీకి పేమెంటు ఐడీ ఉండదు, కొరియర్ ట్రాకింగ్ నంబరుతో జత కలపాలి. వేరే చర్చ పెట్టండి, అక్కడ చూద్దాం.

కాశీబుగ్గ కొట్టు
దొరికాయి. ఆర్డర్ల వైపు 1,450 ఆర్డరు ఒకటి రిపోర్టులో లేదు. అదే ధరకు ఇంకో ఆర్డరుంది, అందుకే అమౌంటుతో చూస్తే తెలియలేదు. రిపోర్టు వైపు 980 పేమెంటు ఒకటి ఏ ఆర్డరుకీ చెందలేదు. 1,200 రీఫండు పోయినవారం ఆర్డరుది.

విజయనగరం పద్దులు
ఇప్పుడు లెక్క కుదురుతుంది. 1,450 లో ఫీజు పోను రావలసింది 1,415.78. రీఫండు 1,200 కలిపితే 2,615.78. అదనంగా వచ్చిన 980 లో ఫీజు పోను మిగిలేది 956.87. అది తీసేస్తే మీ 1,658.91.

1,450 ఆర్డరు సమయం చూడండి. అర్ధరాత్రికి కాస్త ముందు ఆర్డరు పెట్టి, డబ్బు 12 దాటాక కట్టి ఉంటే మీ జాబితాలో మంగళవారం, గేట్‌వే లెక్కలో బుధవారం. తర్వాతి విడతలో వస్తుంది. అక్కడా లేకపోతే అప్పుడు గేట్‌వేని అడగండి.

980 ఎక్కువగా రెండోసారి కట్టిన డబ్బే అవుతుంది. యూపీఐలో మొదటి ప్రయత్నం ఆగిపోయినట్టు కనిపిస్తే కొనేవాళ్ళు మళ్ళీ కడతారు, కాసేపటికి మొదటిదీ పూర్తవుతుంది. మీ సైటు రెండో ఐడీ ఒక్కటే దాచుకుంది. వాపసు ఇచ్చేటప్పుడు గేట్‌వేలో ఆ పేమెంటు మీదే రీఫండు నొక్కండి. మీ ఫోన్ నుంచి విడిగా పంపితే గేట్‌వే లెక్కలో ఆ పేమెంటు అలాగే ఉంటుంది. రేపు వాళ్ళు బ్యాంకులో ఫిర్యాదు చేస్తే రెండోసారీ మీ చేతి నుంచే పోవచ్చు.

బొబ్బిలి కోడర్
రెండు వైపులా తిరగడం ఎందుకు? ఆర్డరు నంబరుతో కూడితే ఒక్క వైపే చాలు. సెటిల్‌మెంటు షీటు A కాలమ్‌లో వరుస రకం, C లో అమౌంటు, E లో ఆర్డరు నంబరు, ఆర్డర్ల షీటు A కాలమ్‌లో ఆర్డరు నంబరు ఉంటే, ఆర్డర్ల షీటులో:

```
=SUMIFS(Settlement!C:C, Settlement!E:E, A2, Settlement!A:A, "payment")
```

980 ఆర్డరు పక్కన 1,960 కనబడుతుంది, రాని దాని పక్కన 0 వస్తుంది. ఐడీలన్నీ దాచుకోని సైటుదే అసలు తప్పు. ఇంకో మాట, సైటు సమయం యూటీసీలో దాస్తోందేమో చూడండి. అలా అయితే అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 వరకూ వచ్చిన ఆర్డర్లన్నీ ముందు రోజుకు పోతాయి.

విజయనగరం పద్దులు
యూటీసీ మాట మంచిది. కానీ ఆర్డరు నంబరు గేట్‌వేకి పంపే సైటుకే మీ పద్ధతి. వాట్సాప్‌లో పేమెంటు లింకు పంపి కట్టించుకున్న డబ్బుకు E కాలమ్ ఖాళీ. పోయినవారం ఆర్డరు రీఫండు కూడా మంగళవారం జాబితాలో ఏ వరుస పక్కనా కనబడదు.

బొబ్బిలి కోడర్
రోజు జాబితా బదులు నెల జాబితా పెట్టుకుని, పక్క కాలమ్‌లో అదే ఫార్ములా "payment" బదులు "refund"తో వేస్తే రీఫండు కూడా దొరుకుతుంది. లింకులకు కూడా ఆర్డరు నంబరు రాయమని చెప్పండి.

రాజాం ట్యాలీ
అమౌంటు జత సంగతి ఒప్పుకుంటాను. కానీ ఫీజు దగ్గర పైసలు పట్టుకుని కూర్చోవడం దండగ. వరుసకో రౌండింగు ఉంటుంది, ఒక రూపాయి లోపు తేడా వదిలేసి నికర మొత్తమే అమ్మకాల్లో రాసేస్తే పోయె.

విజయనగరం పద్దులు
నికరం రాస్తే అమ్మకం తక్కువ చూపించినట్టు. అమ్మకం పూర్తి మొత్తం రాసి, ఫీజు ఖర్చులో వేయాలి. రెగ్యులర్ రిజిస్ట్రేషన్ ఉంటే ఫీజు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది, కాంపోజిషన్‌లో ఉంటే రాదు. రూపాయి సంగతికొస్తే, విడత మొత్తం మీద నేనూ వదిలేస్తాను. వరుస మీద మాత్రం వదలను. ఒక కార్డు రకానికి వేరే రేటు పడితే అది వరుసలోనే బయటపడేది.

రాజాం ట్యాలీ
18 వరుసలకైతే సరే. పండగ రోజుల్లో 600 వరుసలుంటే మీరే వదిలేస్తారు.

కాశీబుగ్గ కొట్టు
1,450 ఆర్డరు రాత్రి 11:56ది, డబ్బు కట్టింది 12:04కి. ఈరోజు విడతలో కనబడింది. 980 వాళ్ళకు ఫోన్ చేశాను, రెండుసార్లు పోయిందని వాళ్ళకే తెలియదు.