వాటర్‌ఫాల్ చార్ట్: ఎక్సెల్ ఇచ్చేది వాడాలా, మనమే కట్టుకోవాలా?

నెల్లూరు_అకౌంట్స్: అమ్మకాలు 80 లక్షలు, సరుకు 52, స్థూల లాభం 28, జీతాలు 14, అద్దె-కరెంటు 6, వడ్డీ 3, పన్ను 1, నికర లాభం 4. ఖర్చులన్నీ మైనస్‌లోనే ఇచ్చాను. ఎక్సెల్‌లో ఉన్న వాటర్‌ఫాల్ పెడితే నికర లాభం 32 నుంచి 36 దాకా గాల్లో వేలాడుతోంది. దీనికన్నా స్టాక్డ్ కాలమ్‌తో కట్టుకోవడమే నయమా?

షీట్_మాస్టర్: చార్ట్ బాగానే ఉందండీ. స్థూల లాభం కొత్తగా వచ్చిన డబ్బు అనుకుని, మిగిలిన 28 మీద ఇంకో 28 కలిపింది. ఆ బార్ మీద ఒకసారి క్లిక్ చేస్తే అన్నీ సెలెక్ట్ అవుతాయి, రెండోసారి చేస్తే అదొక్కటే. అప్పుడు రైట్ క్లిక్ చేసి Set as Total నొక్కండి. నికర లాభానికీ అంతే. రెండూ సున్నా మీద కూర్చుంటాయి.

పాత_ఎక్సెల్: మా ఆడిటర్ గారి దగ్గర 2013 ఉంది. ఈ చార్ట్ 2016లో వచ్చింది కాబట్టి ఆయనకు కనబడదు. అందుకే నేను స్టాక్డ్ కాలమ్‌తోనే చేస్తాను. C కాలమ్‌లో ప్రతి ఖర్చు తర్వాత మిగిలింది ఉంటుంది. కింది సిరీస్‌కి No fill పెడితే పై ముక్క తేలినట్టు కనిపిస్తుంది. జీతాల వరుసకు:

```
కింది సిరీస్:  =MIN(C4,C5)
పై సిరీస్:    =ABS(B5)
```

ఏ వెర్షన్‌లోనైనా, ఏ లెక్కకైనా పనిచేస్తుంది.

షీట్_మాస్టర్: వెర్షన్ మాట నిజమే. "ఏ లెక్కకైనా" అనేది మాత్రం ఒప్పుకోను. వడ్డీ 3 కాదు, 9 అనుకోండి. 8 మిగిలిన చోట 9 పోతే మైనస్ 1. మీ కింది సిరీస్ మైనస్ 1 అవుతుంది. స్టాక్డ్ కాలమ్‌లో మైనస్‌లు కిందికి, ప్లస్‌లు పైకి విడివిడిగా పేరుస్తారు. కాబట్టి బార్ 8 నుంచి మైనస్ 1కి దిగాల్సింది పోయి, సున్నా నుంచి 9 దాకా లేస్తుంది. నష్టం కనబడదు. చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు, అదే ప్రమాదం.

పాత వెర్షన్ తప్పనిసరైతే లైన్ చార్ట్ వేయండి. ఒక లైన్ మొదలు (8), రెండోది ముగింపు (మైనస్ 1). Up/Down Bars పెట్టి, లైన్లు తీసేయండి. సున్నా దాటినా సరిగ్గా దిగుతుంది.

బట్టల_షాపు: మా బిల్లుల మొత్తం జీఎస్టీతో కలిపి ఉంటుంది. మొదటి బార్ అదే పెట్టి, పన్ను బార్‌లో జీఎస్టీ తీసేస్తే సరిపోతుందా?

షీట్_మాస్టర్: వద్దండీ. జీఎస్టీ మీరు వసూలు చేసి ప్రభుత్వానికి కట్టేది, మీ రాబడి కాదు. అది తీసేశాకే మొదటి బార్. చివర్లో ఉన్నది ఆదాయపు పన్ను.

పాత_ఎక్సెల్: వడ్డీ 9 పెట్టి చూశాను, మీరన్నట్టే అయింది. అయితే Up/Down Barsలో దిగే బార్లన్నిటికీ ఒకటే రంగు. నికర నష్టం వస్తే అదీ ఖర్చు రంగులోనే ఉంటుంది. మా సార్ దాన్ని ఇంకో ఖర్చు అనుకుంటారు.

షీట్_మాస్టర్: నిజమే, ఆ బార్లకు విడివిడిగా రంగు వేయలేం. లేబుల్‌లో "నికర నష్టం" అని రాయడమే నాకు తెలిసిన దారి.

నెల్లూరు_అకౌంట్స్: Set as Totalతో 4 కిందికి దిగింది. మా ఆఫీసులో అందరికీ కొత్త ఎక్సెలే, దీంతోనే వెళ్తాను.